ఇంట్లో చెప్పడానికి ముహూర్తం అక్కర్లేదు

“అక్క పెళ్ళి అవనీ, నాన్నతో మాట్లాడతా.” “ఆషాఢం వెళ్ళనీ.” “ఇప్పుడు మూఢం కదా, కార్తీకంలో చూద్దాం.” ప్రేమించిన మనిషి నోట ఇలాంటి మాటలు వింటూ ఏళ్ళు గడిపేసినవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. అవతలి మనిషి కాదనడు, అలాగని అడుగు ముందుకూ వేయడు. ఈ సాకుల్లో ఒక మెలిక ఉంది. మంచిరోజులు చూసేది పెళ్ళికి. నాన్న దగ్గర నోరు విప్పడానికి ఏ పంచాంగమూ అడ్డురాదు.

మరి తెలివైన వాళ్ళు కూడా ఎందుకు ఆగిపోతారు? అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో దీనికి కొంత జవాబు దొరుకుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ గింజలు దొరికిన పావురం, గింజలు ఆగిపోగానే కాసేపటికి నొక్కడం మానేసింది. ఎప్పుడు దొరుకుతాయో తెలియకుండా అప్పుడప్పుడూ దొరికిన పావురం మాత్రం గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంది. నెలరోజులు ముభావంగా ఉండి, ఒక రాత్రి “నువ్వు లేకపోతే నేను లేను” అనే మనిషి మనల్ని అలాగే కట్టిపడేస్తాడు. ఎదురుచూపు దానంతటది తగ్గదు. అందుకే గడువు మనమే పెట్టుకోవాలి.

ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, మూడేళ్ళ ప్రేమ. అతని అక్క పెళ్ళి మే నెలలో అయిపోయింది. గుంటూరులో ఉన్న ఆమె అమ్మానాన్నలు సంబంధాలు చూస్తామంటున్నారు. ఇప్పుడు జూన్. ఆమె ఎంతకాలం ఆగాలి?

ఇక్కడ లెక్కపెట్టాల్సింది నెలల్ని కాదు, అవకాశాల్ని. అతను వినాయక చవితికి ఇంటికెళ్తాడు, దసరాకి మళ్ళీ వెళ్తాడు. అంటే నాన్న ఎదురుగా కూర్చునే సందర్భాలు కనీసం రెండు. మొదటిసారి ధైర్యం చాలకపోవచ్చు, రెండోది ఉంది. కాబట్టి దసరా సెలవుల నుంచి అతను తిరిగొచ్చే రోజు సరైన గడువు. వారంలో తేల్చమంటే అది కోపంతో పెట్టిన గడువు, ఏడాది ఇస్తే భయంతో పెట్టినది.

గడువు దేనికి పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. “మనసు తేల్చుకో” అంటే ఎవరూ కొలవలేరు. “మీ నాన్న ఒప్పుకోవాలి” అంటే అది అతని చేతుల్లో లేదు. “మీ నాన్నకి చెప్పు” అన్నది మాత్రం జరిగిందో లేదో ఇద్దరికీ తెలిసిపోతుంది. చెప్పాక ఆయన కాదన్నా ఆమె ప్రశ్నకు జవాబు వచ్చినట్టే. ఆ తర్వాత ఇద్దరూ ఆలోచించుకోవాల్సింది వేరే. పెద్దలు ఒప్పుకోకపోయినా పెళ్ళి చేసుకోవాలనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని ప్రకారం వివాహ అధికారికి నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. అప్పుడు కొలవాల్సిన అడుగు ఆ నోటీసు. ఇంట్లో తెలిస్తే ప్రాణాలకే ముప్పు అనుకునే చోట మాత్రం ఈ లెక్క చెల్లదు. అక్కడ ముందు రక్షణ, లాయరు సలహా చూసుకోవాలి.

గడువును మనసులోనే దాచుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒక్కసారి, ప్రశాంతంగా చెప్పాలి: “దసరాకి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో చెప్పు. చెప్పకపోతే మనం ఇక్కడితో ఆపేద్దాం. నేను ఇంకా ఆగలేను.” నిజంగా చేయగలిగితేనే ఆ మాట అనాలి. అన్నాక మళ్ళీ మళ్ళీ గుర్తుచేయకూడదు. పదిసార్లు పోరితే చెప్పాడనుకోండి, అది అతని నిర్ణయమో మన పోరు పడలేకో ఎప్పటికీ తెలియదు.

ఎక్కువమంది జారిపోయేది చివరి వారంలో. ఉన్నట్టుండి అతని ఫోన్లు పెరుగుతాయి, కొత్త చీర వస్తుంది, అరకు వెళ్దామంటాడు. ఆ ఆప్యాయత అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆమె అడిగింది అది కాదు. వాళ్ళ నాన్నకి తెలిసిందా లేదా? ఆ ఒక్కటే చూడాలి. పొడిగింపు అడిగితే, కొత్తగా వచ్చిన గట్టి కారణం ఉందా, తర్వాతి తేదీ తనంతట తానే చెప్పాడా అని గమనించాలి. నాన్నకి గుండె ఆపరేషన్ అయిందని, సంక్రాంతికి తప్పక చెప్తానని అంటే ఒక్కసారి ఒప్పుకోవచ్చు. “కాస్త టైమివ్వు” అంటే అది పాత మాటే.

గడువు దాటిన మర్నాడు “రేపే వెళ్తున్నా” అని ఫోన్ రావచ్చు. వెళ్ళనివ్వండి. చెప్పి వచ్చాక మాట్లాడొచ్చు, అప్పటిదాకా రోజువారీ కబుర్లు ఆపేయడమే మేలు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆ బాధలో, అమ్మ చూపించిన మొదటి సంబంధానికే తలూపేయకూడదు. ఆమె గడువు పెట్టుకున్నది అతని కోసం ఆగడం మానేయడానికి. కార్తీకంలోనే పెళ్ళి జరిగిపోవాలని కాదు. “కొన్నాళ్ళు ఆగండి, నేనే చెప్తాను” అని అమ్మానాన్నలను అడగడానికి ఆమెకు పూర్తి హక్కుంది.