రెండు డిస్కుల ఆట ఒక్క కార్ట్రిడ్జ్‌లో

1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 2' రెండు సీడీల ఆట. ఒక్కో సీడీలో దాదాపు 650 మెగాబైట్లు పడతాయి. మరుసటి ఏడాది అదే ఆట నింటెండో 64కు వచ్చింది, అదీ 64 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లో! ఏంజెల్ స్టూడియోస్ బృందం వీడియోలను, శబ్దాలను గట్టిగా కుదించి అందులో ఇరికించింది. బొమ్మ కాస్త మసకబారింది కానీ కథ తెగలేదు. నా లెక్కలో అది గారడీయే.

మరి అంత అవస్థ ఎందుకు? కార్ట్రిడ్జ్ లోపల ఉండేది మెమరీ చిప్. తిరిగే భాగాలేవీ లేవు కాబట్టి అడిగిన సమాచారం అప్పటికప్పుడే అందుతుంది. సీడీలోనైతే లేజర్ కన్ను సరైన చోటికి జరగాలి, తర్వాత చదవాలి. ప్లేస్టేషన్ డ్రైవ్ సెకనుకు 300 కిలోబైట్లే చదివేది. దాని 2 మెగాబైట్ల మెమరీ నిండాలంటే ఏడు సెకన్లు. ఈ ఆటలో గది మారినప్పుడల్లా తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం భయపెట్టడానికే అనుకున్నాం. దాని వెనక జరిగేది ఈ లోడింగే.

అసలు దెబ్బ ఖర్చు దగ్గర తగిలింది. సీడీ అంటే అచ్చు వేసిన ప్లాస్టిక్ బిళ్ల, చాలా చవక. కార్ట్రిడ్జ్‌కు చిప్పులు, సర్క్యూట్ బోర్డు కావాలి, తయారీకి వారాలు పడుతుంది. ఎన్ని అమ్ముడవుతాయో కంపెనీ ముందే ఊహించి ఆర్డరివ్వాలి. ఎక్కువ చేయిస్తే సరుకు మిగిలిపోతుంది, తక్కువైతే గిరాకీ ఉన్నప్పుడు దొరకదు. 1997లో 'ఫైనల్ ఫాంటసీ 7' నింటెండోను వదిలి ప్లేస్టేషన్‌కు వెళ్లింది, మూడు సీడీలతో.