తాళం వేసినా నిద్రపోని కారు

పండక్కి ఊరెళ్లి నాలుగో రోజున తిరిగొచ్చి తాళం తిప్పితే, టకటకమన్న చప్పుడే తప్ప ఇంజిన్ కదలదు. మెకానిక్ వచ్చి బ్యాటరీ మారుస్తాడు. నెల తిరక్కుండా కొత్త బ్యాటరీదీ అదే వరస. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది, కారు కొన్నాక బయట పెట్టించుకున్న సామాన్లను.

తాళం వేశాక కూడా కారు కాస్త కరెంటు వాడుతూనే ఉంటుంది. గడియారం నడవాలి, రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోవాలి. అరగంటలో లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయాక ఈ వాడకం సాధారణంగా 50 మిల్లీఆంపియర్లు దాటదు. పార్కింగ్ మోడ్‌లో రికార్డు చేసే డాష్‌క్యామ్ ఒక్కటే 300 దాకా లాగుతుంది. అంటే రోజుకు 7 ఆంపియర్ అవర్లకు పైనే. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడు రోజులకే సగానికి పైగా ఖాళీ. పాతబడిన బ్యాటరీ అంతకన్నా ముందే చేతులెత్తేస్తుంది.

అలారం తీరు వేరు. అది తినే కరెంటు తక్కువే. కానీ తలుపు తాళాల వైర్లకు తప్పుగా కలిపితే, అది పంపే సంకేతాలకు కారులోని కంప్యూటర్లు నిద్రపోకుండా మేలుకునే ఉంటాయి.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, 10 ఆంపియర్ల రేంజిలో పెట్టిన మీటర్‌ను వైరుకూ టెర్మినల్‌కూ మధ్య కలపాలి. తలుపులు మూసి, తాళం వేసి, అరగంటకు పైగా ఆగి అంకె చూడాలి. మీటర్ ఉండగా స్టార్టు చేస్తే మీటర్ ఫ్యూజు పోతుంది. అంకె 300 దాటి కనిపించి, డాష్‌క్యామ్ వైరు తీయగానే 30కి పడితే కారణం దొరికినట్టే. అయినా కెమెరాను వదులుకోనక్కర్లేదు. వోల్టేజి 12.2కు పడగానే దాన్ని ఆపేసే కిట్ బిగిస్తే స్టార్టుకు సరిపడా ఛార్జి మిగులుతుంది. ఆ రక్షణ వద్దనుకుంటే, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజుకు కలిపించాలి. అప్పుడు ఆగి ఉన్న కారుకు రికార్డింగ్ ఉండదు.

పెద్ద చక్రాలు బ్యాటరీ జోలికి రావు, డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగిస్తాయి. కొన్ని కార్లు టైర్లలో గాలి ఎంతుందో నేరుగా కొలవవు. గాలి తగ్గిన టైరు వ్యాసం తగ్గి మిగతావాటికన్నా వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పసిగట్టి దీపం వెలిగిస్తాయి. ముందు రెండు టైర్లు ఒక సైజు, వెనక రెండు మరో సైజు వేస్తే, గాలి సరిగ్గా ఉన్నా ఆ తేడా పుట్టుకొస్తుంది. నాలుగూ ఒకే సైజులో మార్చినప్పుడు మాన్యువల్‌లో చెప్పినట్టు రీసెట్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. చక్రం లోపలే సెన్సర్ ఉండే కార్లలో సంగతి ఇంకొకటి. పాత రిమ్ములతో పాటు సెన్సర్లూ షాపులోనే ఉండిపోతే, స్టార్టు చేసిన ప్రతిసారీ దీపం నిమిషం పైగా మిణుకుమని, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతుంది. కారు సెన్సర్ కోసం వెతుకుతోందని దానర్థం. గాలి నింపితే ఆ దీపం ఆరదు, కొత్త రిమ్ములకు సెన్సర్లు బిగించి కారుకు పరిచయం చేయించాలి.