ప్రకటనలో ఉన్న ఇన్వర్టరు, ఇంట్లో లేని కరెంటు

అద్దె ప్రకటనల్లో ‘పవర్ బ్యాకప్ ఉంది’ అనే మాట చాలా చౌక. ఓనరు ఫారం నింపుతూ ఒక గడిలో టిక్కు పెడితే చాలు, ఆ మాట పడిపోతుంది. దాని వెనక మూడు వేరువేరు సంగతులు ఉండొచ్చు. అపార్టుమెంటు జనరేటరు లిఫ్టుకీ, నీళ్ల మోటారుకీ, మెట్ల దీపాలకీ మాత్రమే పనిచేస్తుండొచ్చు. అదే జనరేటరు నుంచి ప్రతి ఫ్లాటుకీ రెండు లైట్లు, రెండు ఫ్యాన్లకు సరిపడా లైను ఇచ్చి ఉండొచ్చు. లేదా ఫ్లాటులోనే ఓనరు పెట్టించిన ఇన్వర్టరు, బ్యాటరీ ఉండొచ్చు. మొదటి రెండూ చెడితే అసోసియేషన్ వాళ్లు చూసుకోవాలి. అక్కడ ఓనరు సభ్యుడు కాబట్టి, ఆయన చేత అడిగించాలి. మూడోది పూర్తిగా ఓనరుకీ అద్దెకున్నవాళ్లకీ మధ్య వ్యవహారం. తగవులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే కనుక దాని గురించే చెప్పుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో నిజాంపేట వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాటు, నెలకు 22,000 అద్దె. ఓనరు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటారు. ప్రకటనలో లిఫ్టు, కారు పార్కింగు, మంజీరా నీళ్లతోపాటు ‘ఇన్వర్టర్’ అని కూడా ఉంది. ఫిబ్రవరిలో దిగారు. చలికాలం చివర కరెంటు పెద్దగా పోదు కాబట్టి ఎవరూ దాని సంగతి పట్టించుకోలేదు. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. పన్నెండు నిమిషాల తర్వాత బీప్ బీప్‌మని అరిచి ఆగిపోయింది.

ఇక్కడ చాలామంది వెంటనే ఓనరుకు ఫోన్ చేసి ‘ఇన్వర్టరు పనిచెయ్యట్లేదండీ’ అంటారు. ఆయన ‘మేమున్నప్పుడు బాగానే పనిచేసిందే’ అంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, అందుకే అది ఎటూ తేలదు. ఫోన్ చేసేముందు ఏది పాడైందో తెలుసుకుంటే సగం వాదన తగ్గుతుంది.

ముందు చిన్న లెక్క. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ. రెంటినీ గుణిస్తే 1800 వాట్-అవర్లు. ఇన్వర్టరులో పోయేది పోగా, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చెయ్యకుండా ఆపేది ఆపగా, అందులో మూడింట రెండు వంతుల దాకా చేతికి వస్తుందనుకోవచ్చు. రెండు మామూలు ఫ్యాన్లకు 150 వాట్లు, నాలుగు ఎల్ఈడీ లైట్లకు 40, వైఫై పెట్టెకు 10 వేసుకుంటే మొత్తం 200 వాట్లు. అంటే బ్యాటరీ కొత్తదైతే ఐదు గంటలకు పైనే లాగాలి. పాతబడి సగం శక్తి పోయినా రెండు గంటలకు తగ్గకూడదు. పన్నెండు నిమిషాల్లో ఆగిందంటే అది నీరసించిన బ్యాటరీ కాదు, ఎక్కడో తెగిన బ్యాటరీ. అయితే ఈ లెక్క వేసేముందు ఫ్రిజ్జు గానీ, మిక్సీ గానీ ఇన్వర్టరు లైను మీద లేవని చూసుకోవాలి. అవి ఉంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు.

తెగడం ఎలా జరుగుతుందంటే, 12 వోల్టుల బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు ఆరు ఉంటాయి. వాటినే సెల్ అంటారు. పైన కనిపించే ఆరు మూతలు, వాటిలో తేలే బుడిపెలు ఈ సెల్స్‌వే. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ కాసేపు ఊరకే ఉన్నాక 12.6 వోల్టులకు పైన చూపాలి. ఆరింటిలో ఒక్క సెల్ చచ్చిపోతే రెండు వోల్టులు పోతాయి. మిగిలింది పదిన్నర చిల్లర. చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ దెబ్బతినకుండా ఉండాలని పదిన్నర దగ్గరే ఆపేస్తాయి. అంటే ఐదు సెల్స్ బాగున్నా ఇన్వర్టరు దృష్టిలో బ్యాటరీ అప్పటికే ఖాళీ. ఫ్యాను లోడు పడగానే దిగిపోతుంది. మెకానిక్కు వచ్చి ఒక్కో సెల్‌లో హైడ్రోమీటరు ముంచి ‘గ్రావిటీ’ చూసేది ఇందుకే. అన్నీ 1230 దగ్గర చూపుతూ ఒకటి మాత్రం 1100 చూపితే సంగతి తేలిపోయినట్టే. ఇన్వర్టరు అసలు ఆన్ కాకపోవడం, కరెంటు ఉన్నప్పుడు ఛార్జింగు లైటు వెలగకపోవడం వేరే జబ్బులు. ఫ్యూజు పోవడమో, బ్యాటరీ టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి పట్టి వదులవడమో కావచ్చు. అవి కొన్ని వందల రూపాయల పని, దానికోసం ఓనరుతో పేచీ అక్కర్లేదు.

మన ఉదాహరణలో మూడో సెల్ పోయింది. ఇక ఎవరు పెట్టుకోవాలి?

న్యాయంగా చూస్తే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి: బ్యాటరీ వయసెంత, నీళ్ల సంగతేమిటి. బ్యాటరీ మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించో, కోడ్ రూపంలోనో ఉంటాయి. కోడ్ అర్థం కాకపోతే బ్యాటరీ షాపువాళ్లు ఇట్టే చెబుతారు. అది 2019 నాటిదైతే దానికి కాలం తీరింది, అద్దెకున్నవాళ్ల తప్పేమీ లేదు. రెండేళ్లదే అయితే వారంటీ ఉండే అవకాశం ఉంది. కార్డు ఓనరు దగ్గరే ఉంటుంది కాబట్టి ముందు అదే అడగాలి. నీళ్లు అద్దెకున్నవాళ్లు చూసుకోవాల్సినవి. బుడిపె ఎర్ర గీత కిందికి దిగినా డిస్టిల్డ్ వాటర్ పొయ్యకుండా వదిలేస్తే లోపలి పలకలు బయటపడి గట్టిబడిపోతాయి. తర్వాత ఎంత నీళ్లు పోసినా అవి తిరిగి లేవు. ఎండాకాలంలో రెండు నెలలకోసారైనా చూడాలి. కుళాయి నీళ్లు పోస్తే ఇంకా త్వరగా పోతుంది. అందుకే మెకానిక్కు మూత తియ్యకముందే ఆరు బుడిపెలూ కనిపించేలా ఫోటో తీసుకోవడం మంచిది. నీళ్లు సరిగ్గా ఉన్నాయనడానికి తర్వాత అదే సాక్ష్యం.

ఇప్పుడు ప్రకటన సంగతి. ‘మీరే రాశారు కదా’ అనగానే ఓనరు ఒప్పుకోవాలని మనకు అనిపిస్తుంది. చట్టం అంత సూటిగా ఉండదు. సంతకం పెట్టిన అగ్రిమెంటు ఉన్నప్పుడు ముందు చూసేది అందులో ఏముందనే. పదకొండు నెలల అగ్రిమెంట్లు చాలావరకు స్టాంపు పేపరు మీద పాత నకలు పట్టుకుని కొట్టినవి. వాటిలో ఇన్వర్టరు ఊసే ఉండదు. అగ్రిమెంటులో ‘ఇన్వర్టరు బాధ్యత అద్దెదారుదే’ అని ఉంటే ప్రకటన దాన్ని కొట్టెయ్యలేదు. అగ్రిమెంటు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే మాత్రం, ఇల్లు ఏయే సదుపాయాలతో, ఏ అద్దెకు ఇచ్చారో చూపడానికి ప్రకటన బలమైన ఆధారమవుతుంది. ఇన్వర్టరు ఉందని చూపి 22,000 అద్దె కుదుర్చుకున్నారు, ఆ అద్దె ఇప్పటికీ తీసుకుంటున్నారు అనేది వాదనలోని అసలు బలం.

అయితే ఇల్లు కుదిరిన మర్నాడే ప్రకటన సైటులోంచి మాయమవుతుంది. అందుకే టోకెన్ అడ్వాన్సు కట్టే రోజే సదుపాయాల జాబితా, ఫోటోలు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తియ్యని వాళ్లు బ్రోకరు వాట్సాప్‌లో పంపిన వివరాలు వెతకాలి, సైటు నుంచి వచ్చిన మెయిల్ చూడాలి. చాలామందికి అక్కడ దొరుకుతుంది.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్‌లో అద్దెదారులకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. ఓనరు చేయించాల్సిన బాధ్యత ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. దీన్ని పట్టుకుని వెంటనే అద్దె కోసేస్తే మాత్రం చిక్కే. ఆ సెక్షన్ చెప్పేది ఓనరు బాధ్యత ఉన్న మరమ్మతుల గురించి. గోడకు బిగించిన వైరింగు ఇంటి భాగమని సులువుగా చెప్పొచ్చు. ఎత్తి పట్టుకుపోగల బ్యాటరీ ఇంటి భాగమా కాదా అని వాదించవచ్చు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన మోడల్ టెనన్సీ యాక్టు జాబితాలో పెద్ద వైరింగు పనులు ఓనరువి, విద్యుత్ పరికరాల రిపేర్లు, మార్పిడి అద్దెదారువి. అది రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, పైగా వేరే ఒప్పందం లేనప్పుడే. అయినా ఓనరు తరఫు వాళ్లు దాన్ని చూపించగలరు. కాబట్టి ఓనరు రాతపూర్వకంగా ‘సరే’ అన్నాకే అద్దెలో పట్టుకోవడం క్షేమం. అద్దె మొత్తం ఆపెయ్యడం అన్నిటికన్నా చెడ్డ పని. అప్పటిదాకా ఇన్వర్టరు గురించి ఉన్న తగవు, ఆ రోజు నుంచి బాకీ గురించి అవుతుంది.

అందుకే నా ఓటు ఫోనుకు కాదు, వాట్సాప్‌లో ఒక్క మెసేజికి. ఫోన్‌లో విషయం చెప్పి, వెంటనే ఇలా పెట్టొచ్చు:

‘నమస్కారం అంకుల్. ఇందాక ఫోన్‌లో చెప్పిన విషయమే. ఆదివారం కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకే ఇన్వర్టరు 12 నిమిషాల్లో ఆగిపోయింది. నిన్న మెకానిక్కు చూసి, ఇన్వర్టరు బాగానే ఉంది, బ్యాటరీలో మూడో సెల్ పోయింది అన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీ, నీళ్ల లెవెల్ ఫోటో పెడుతున్నాను. బ్యాటరీ మీద 2019 అని ఉంది. మీ ప్రకటనలో ఇన్వర్టరు ఉందని చూసే ఈ ఇల్లు తీసుకున్నాం, ఆ స్క్రీన్‌షాట్ కూడా పెడుతున్నాను. వచ్చే శనివారంలోగా బ్యాటరీ మార్పిస్తారా? అక్కడినుంచి మీకు ఇబ్బందైతే, మీరు సరేనంటే నేనే రెండు షాపుల రేట్లు పంపి, మీకు నచ్చినది వేయించి, జూన్ అద్దెలో తగ్గించి పంపుతాను.’

ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు, కానీ ఓనరుకు తప్పించుకునే సందూ పెద్దగా లేదు. మామూలుగా ఎదురయ్యే జవాబు ఒకటుంది: ‘ఇన్వర్టరు ఉందన్నాం గానీ బ్యాటరీ కొత్తదన్నామా?’ కొత్తది ఇమ్మని ఎవరూ అడగట్లేదు, కరెంటు పోతే పనిచేసేది ఉండాలని అంటున్నాం. గంటన్నర రెండు గంటలు లాగే పాత బ్యాటరీ ఉంటే నేనైతే ఈ పేచీ పెట్టుకోను.

మన ఓనరు రెండు రోజులు ఆలోచించి, సగం సగం పెట్టుకుందాం అన్నారనుకుందాం. ఒప్పుకోవచ్చా? 150 ఆంపియర్ల ట్యూబులర్ బ్యాటరీ కంపెనీని బట్టి, వారంటీని బట్టి పదిహేను వేలకు అటూ ఇటూ ఉంటుంది. పాత బ్యాటరీలోని సీసానికి షాపువాళ్లు విలువ కట్టి అంత తగ్గిస్తారు. ఆ తగ్గింపు ఓనరు వస్తువుకు వచ్చిన డబ్బు కాబట్టి ఆయన వాటాలోకే పోవాలి. మిగిలిన దాంట్లో అద్దెదారు సగం పెట్టుకుంటే, ఖాళీ చేసేటప్పుడు ఐదేళ్లు పనిచేసే బ్యాటరీని ఓనరుకు వదిలి వెళ్లినట్టవుతుంది. ఏడాదిలో వెళ్లిపోయేవాళ్లు ఈ బేరానికి ఒప్పుకోకపోవడమే మేలు. లేదంటే పూర్తిగా తన డబ్బుతోనే కొని, బిల్లు తన పేర రాయించుకుని, వెళ్లేటప్పుడు బ్యాటరీ పట్టుకుపోతానని ముందే మెసేజిలో చెప్పెయ్యాలి. ఓనరు పూర్తిగా ఒప్పుకుంటే బిల్లు, వారంటీ కార్డు ఆయన పేరునే ఉండాలి, ఫోటో మన దగ్గర ఉంటే చాలు. వారంటీలో క్లెయిమ్ చెయ్యాలంటే ఆ కార్డు మీద షాపు ముద్ర, అమ్మిన తేదీ ఉండాలి, అవి వేశారో లేదో బ్యాటరీ దింపినరోజే చూసుకోవాలి.

పదకొండో నెలలో అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చమని అడగండి: ‘ఇంటితో పాటు ఇన్వర్టరు, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి పనిచేసే స్థితిలో ఇవ్వబడినవి, డిస్టిల్డ్ వాటర్ అద్దెదారు పోసుకోవాలి, రిపేరు, బ్యాటరీ మార్పిడి యజమానివి.’ కొత్త ఇంట్లో దిగేవాళ్లయితే ఈ వాక్యానికి ముందే ఇంకొకటి చెయ్యాలి. తాళాలు తీసుకునే రోజు ఓనరో, వాచ్‌మనో పక్కన ఉండగా మెయిన్ ఆపి, ఫ్యాన్లు, లైట్లు వేసి, అరగంట అలాగే వదిలెయ్యాలి.