తలంటిన గంటకే మాడు బిగుస్తోందా?

చలికాలంలో నల్ల చొక్కా భుజాల మీద తెల్లటి పొట్టు కనిపించగానే చాలామంది చుండ్రు వచ్చిందనుకుంటారు. మందుల షాపుకెళ్లి చుండ్రు షాంపూ తెచ్చుకుని రోజు మార్చి రోజు రుద్దుతారు. పొట్టు తగ్గదు సరికదా, మాడు ఇంకా బిగుసుకుపోతుంది. షాంపూ మార్చి చూస్తారు, అదీ పనిచేయదు. అలాంటివాళ్లలో కొందరికి అసలు చుండ్రే ఉండదు. మాడు మీద చర్మం తేమ లేక ఎండిపోయి ఉంటుంది, అంతే. ఈ రెండింటికీ చేయాల్సింది దాదాపు ఎదురెదురు పనులు. చుండ్రుకు జిడ్డు కడిగేయాలి, పొడిబారిన మాడుకు ఉన్న కాస్త జిడ్డునూ కాపాడుకోవాలి. అందుకే ఏ నూనె, ఏ షాంపూ అని అడిగే ముందు తన బాధ ఏదో ఎవరికి వారు తేల్చుకోవాలి.

తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు, బాధ ఎప్పుడు ఎక్కువవుతుందన్నది. తలస్నానం చేసిన గంటా రెండు గంటల్లోనే మాడు ఎవరో లాగి పట్టుకున్నట్టు బిగుస్తుంటే, రెండు రోజులు తల తడపకపోతే కాస్త హాయిగా ఉంటే, అది పొడిబారడమే అయ్యుంటుంది. చుండ్రు తీరు వేరు. తలంటిన రోజు బాగానే ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో దురద పెరుగుతుంది, మళ్లీ తలంటుకుంటే నెమ్మదిస్తుంది. రాలే పొట్టునూ గమనించవచ్చు. నూనె రాయని తలను నల్లగుడ్డ మీద దువ్వి, పడిన పొట్టును టిష్యూ కాగితంలో పెట్టి వేళ్లతో నలపండి. పొడిబారిన మాడు పొట్టు సన్నగా, తెల్లగా, పిండిలా ఉంటుంది, కాగితానికి ఏమీ అంటదు. చుండ్రు పొలుసులు కాస్త పెద్దవి, పసుపు ఛాయతో ఉంటాయి, కాగితం మీద జిడ్డు మరక వదులుతాయి. కనుబొమల్లో, ముక్కు పక్కన, చెవుల వెనక కూడా ఎర్రబడి పొలుసులు లేస్తుంటే చుండ్రు వైపే మొగ్గాలి. పిక్కల మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంటే ఒళ్లంతా పొడిబారిందనీ, మాడు కూడా ఆ దారిలోనే ఉందనీ అర్థం.

పొడిబారితే పొట్టెందుకు రాలుతుంది? చర్మం పైపొర చనిపోయిన కణాలతో పేర్చిన ఇటుక గోడలాంటిది, ఇటుకల మధ్య ఉండే కొవ్వు పదార్థాలే దాని సిమెంటు. లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపేది ఆ కొవ్వే. మనకు తెలియకుండానే ఈ కణాలు రోజూ ఒక్కొక్కటిగా రాలిపోతుంటాయి. పక్కపక్క కణాలను పట్టి ఉంచే బంధాలను కొన్ని ఎంజైములు మెల్లగా కరిగిస్తేనే అలా విడివిడిగా ఊడతాయి. ఆ ఎంజైములు పనిచేయాలంటే పైపొరలో నీరుండాలి. నీరు తగ్గితే బంధాలు సరిగా తెగక కణాలు గుంపులుగా అతుక్కుని లేస్తాయి. మన కంటికి కనిపించే పొట్టు ఆ గుంపులే. కాబట్టి పొట్టును గోళ్లతోనో సన్నపళ్ల దువ్వెనతోనో గీకి తీసేస్తే లాభం లేదు. ఇంకా ఊడాల్సిన సమయం రాని కణాలు కూడా లేచిపోయి, కింద పచ్చి చర్మం బయటపడి మండుతుంది.

నీరు ఎక్కడికి పోతుందంటే గాలిలోకే. పది డిగ్రీల చలిగాలి ఘనపు మీటరుకు సుమారు 9 గ్రాముల తేమను మాత్రమే పట్టుకోగలదు. 25 డిగ్రీల గాలికి 23 గ్రాములదాకా చోటుంటుంది. చలికాలపు గాలి ఇంట్లోకొచ్చి వెచ్చబడితే, దానిలో ఖాళీగా ఉన్న ఆ చోటు మన చర్మంలోంచి నీటిని లాగుతుంది. ఏసీ కూడా గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపి అందులోని తేమను నీళ్లుగా మార్చి బయటికి వదిలేస్తుంది. కిటికీ కింద పైపులోంచి కారే నీళ్లు ఆ గదిలోని గాలి పోగొట్టుకున్నవే. అయితే మొత్తం నేరం ఏసీదే అనడం సరికాదు. చాలా ఆఫీసుల్లో గాలి మరీ ఎండిపోయేంత పొడిగా ఏమీ ఉండదు. ఇబ్బంది ఎక్కువగా సరిగ్గా గాలి వచ్చే జాలీ కింద కూర్చునేవాళ్లకు. ఎనిమిది గంటలపాటు పాపిడి మీదికి గాలి విసురుతుంటే, అక్కడి చర్మం ఫ్యాను కింద ఆరేసిన బట్ట కంటే భిన్నంగా ఏమీ ఉండదు.

నా ఉద్దేశంలో గాలికంటే పెద్ద దోషం స్నానాలగదిలో జరుగుతుంది. చలి కదా అని గీజరు నీళ్లు పొగలు కక్కేంత వేడిగా నెత్తిన పోసుకుంటాం. వేడినీళ్లు, గాఢమైన షాంపూ కలిస్తే పైనున్న జిడ్డే కాదు, కణాల మధ్య ఉండాల్సిన కొవ్వు కూడా కొట్టుకుపోతుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకునే మగవాళ్లది ఇంకా కష్టం. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, పైగా బోరు నీళ్లలోని సున్నంతో కలిసి తెట్టులా మాడుకు అంటుకుంటుంది. కుంకుడుకాయ సహజం కాబట్టి ఏమీ చేయదనుకుంటారు గానీ దాని నురుగు కూడా జిడ్డును బాగా విడగొడుతుంది. కంట్లో పడితే ఎంత మంటో అందరికీ తెలుసు. పొడి మాడు ఉన్నవాళ్లు ఈ నెలల్లో కుంకుడురసాన్ని బాగా పలుచన చేసుకోవాలి, లేదా కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

ఇక నూనె. పెద్దవాళ్లు తలకు నూనె పెట్టుకోమనడంలో సగం నిజముంది. నూనెలో నీరుండదు, కాబట్టి అది తేమను ఇవ్వదు. ఉన్న తేమ పోకుండా మూత వేస్తుంది. ఎండిన మాడు మీద నూనె పోస్తే లేచిన పొట్టు అణిగి కనిపించదు, బిగువు కొద్దిసేపు తగ్గుతుంది. ఆ నూనె వదలడానికి రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దితే మొదటికంటే ఎక్కువ ఎండుతుంది. అంటే నూనె తప్పు కాదు. ఎంత, ఎప్పుడు అన్నదాంట్లోనే ఉంది అంతా. మాడు చెమ్మగా ఉన్నప్పుడు కొద్దిగా రాయాలి. ఏ నూనె అంటే కొబ్బరి నూనె మంచిదే, పొద్దుతిరుగుడు నూనె కూడా. ఆలివ్ నూనెను, ఆవనూనెను మాత్రం ఈ పనికి వాడకపోవడం మేలు. వాటికి చర్మపు రక్షణపొరను బలహీనపరిచే గుణం ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి అనుకోండి. జనవరి నెల. సీటు ఏసీ జాలీ కింద. రోజూ పొద్దున వేడినీళ్లతో తలస్నానం, వారానికి మూడుసార్లు చుండ్రు షాంపూ, ఆదివారం గిన్నెడు కొబ్బరి నూనె, ఆ తర్వాత కుంకుడుకాయ. ఆఫీసులో పదకొండు అయ్యేసరికి పాపిడి వెంట చర్మం చుర్రుమంటూ బిగుస్తుంది. టిష్యూ పరీక్షలో జిడ్డు మరక లేదు. పిక్కల మీద తెల్ల చారలు.

ఆమె ముందు ఆపాల్సింది రోజువారీ తలస్నానం. మూడు రోజులకోసారి చాలు. నీళ్లు మోచేతికి గోరువెచ్చగా తగలాలి. సల్ఫేట్లు లేని మృదువైన షాంపూను రూపాయి బిళ్లంత తీసుకుని, నీళ్లలో కలిపి, మాడుకు మాత్రమే వేలి కొసలతో పట్టించి, నిమిషంలో కడిగేయాలి. జుట్టు పొడవునా రుద్దనక్కర్లేదు, కారే నురుగు చాలు. తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మాడు ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే తలస్నానమైన అయిదు నిమిషాల్లోపే, నీటిని పట్టి ఉంచేది ఒకటి రాయాలి. గ్లిజరిన్ గానీ, 5 శాతం యూరియా గానీ ఉన్న, తలకు వాడే పలుచని లోషను మందుల షాపులో అడిగి తీసుకోవచ్చు. గీతలు పడి పుండైన చోట యూరియా మంట పుట్టిస్తుంది, అలా ఉంటే గ్లిజరినే నయం. ఇంట్లోనే కలుపుకోవాలంటే కాచి చల్లార్చిన నీళ్లు పది చెంచాలకు గ్లిజరిన్ అర చెంచా. నిలవ ఉంచేవేవీ ఇందులో కలపం కాబట్టి ఏ రోజుది ఆ రోజే వాడి మిగిలింది పారబోయాలి. చిక్కటి గ్లిజరిన్‌ను నేరుగా రాస్తే మాత్రం ఎదురుతిరుగుతుంది. పొడిగాలిలో తీసుకోవడానికి తేమ దొరకక అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది.

జుట్టు మీద పోస్తే మాడుకు చేరదు. ముక్కు ఉన్న చిన్న సీసాలో పోసుకుని, నుదుటి నుంచి వెనక్కి వేలెడు దూరానికో పాపిడి చొప్పున ఆరేడు పాపిళ్లు తీసి, ఒక్కోదాని వెంట అయిదారు చుక్కలు వదిలి వేలితో అద్దాలి. రెండు నిమిషాలాగి, అరచేతిలో ఎనిమిది పది చుక్కల కొబ్బరి నూనె వేసుకుని వేలికొసలతో అవే పాపిళ్ల వెంట రాయాలి. జుట్టు జిడ్డుగా కనిపిస్తే ఎక్కువైనట్టు. డ్రయరు వాడాల్సి వస్తే చల్లగాలి మీదే పెట్టి జానెడు దూరంలో పట్టుకోవాలి. తలంటని రోజుల్లో రాత్రి పడుకునేముందు లోషను ఒక్కటే రాసుకుంటే సరిపోతుంది. ఆఫీసులో సీటు మారడం కుదరకపోతే జాలీ రెక్కల దిశ మార్చమని అడగాలి. అదీ కాకపోతే తల మీద పల్చటి నూలు చున్నీ వేసుకోవడం నిజంగా పనిచేస్తుంది.

బిగువు నాలుగైదు రోజుల్లో తగ్గడం తెలుస్తుంది. పొట్టు మాత్రం వెంటనే ఆగదు. పైపొర మొత్తం కొత్తదై రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పాత పొట్టు రాలుతూనే ఉంటుంది. ఈలోగా మరో షాంపూకు మారితే ఏది పనిచేసిందో తెలియదు. నిమ్మరసం, ఉల్లిరసం లాంటివి రాస్తే పగిలిన మాడు మంటెత్తుతుంది. లీటర్లకొద్దీ నీళ్లు తాగినా మాడుకు ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

రెండు వారాల్లో పొట్టు తగ్గకపోగా పసుపుబారి, జిడ్డుగా, మూడో రోజుకల్లా దురద పెడుతుంటే మొదటి అంచనా తప్పని తెలుసుకోవాలి. మాడు మీది కొవ్వును తిని బతికే మలస్సేజియా అనే ఫంగస్ చుండ్రుకు తోడవుతుంది. నూనె దానికి మేత. అప్పుడు నూనె ఆపి, కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూను వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగడం వంటి చికిత్స అవసరం. ఆ షాంపూ వల్ల మాడు ఎండితే మధ్య రోజుల్లో నూనె లేని లోషను రాసుకోవచ్చు.

షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకు ఇదంతా ఇంకా తీవ్రంగా ఉంటుంది. బయట గడ్డకట్టే చలిగాలిలో తేమే ఉండదు, దాన్ని హీటరుతో 22 డిగ్రీలకు వేడిచేస్తే గది ఎడారిలా ఎండుతుంది. అక్కడ పడకగదిలో హ్యూమిడిఫైయరు పెట్టి తేమను 40 శాతం దరిదాపుల్లో ఉంచుకుంటే మాడుకే కాదు, పెదవులకూ ముక్కుకూ సుఖం. అంతకు మించి పెంచితే కిటికీ అద్దాల మీద నీళ్లు పట్టి గోడలకు బూజు వస్తుంది.

మాడు మీద మందంగా వెండి రంగు పొలుసులు అట్టకట్టినా, గుండ్రంగా ఒకచోట జుట్టు ఊడినా, రసి కారినా, తల రంగు వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో మంటా వాపూ మొదలైనా ఇంటి ప్రయోగాలు ఆపి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. పిల్లల తలలో పొట్టుతోపాటు వెంట్రుకలు మొదలంటా విరిగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తామర కావచ్చు, దానికి నోటిద్వారా మందు వాడాల్సి ఉంటుంది. వెళ్లే ముందు రెండు రోజులు తలంటుకోకుండా, నూనె రాయకుండా ఉండండి. శుభ్రంగా దువ్వి నూనె పెట్టుకెళితే వైద్యులు చూడాల్సిన పొట్టు కనిపించదు.