నాన్న ఫోన్‌లో యూపీఐ: మొదటి పాఠం ఒక్క రూపాయి

పెద్దవాళ్లకు ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పే ముందు తేల్చుకోవలసింది యాప్‌కు ఏ ఖాతా కలపాలన్నది. పెన్షన్ పడే ఖాతా, డిపాజిట్లున్న ఖాతా యూపీఐకి కలపకపోవడమే మేలు. వీలైతే వేరే బ్యాంకులో చిన్న పొదుపు ఖాతా తెరిచి, కూరగాయలకు, మందులకు, కరెంటు బిల్లుకు సరిపడా నాలుగైదు వేలు అందులో వేసి, దాన్నే కలపాలి. అప్పుడు ఎంత పెద్ద పొరపాటు జరిగినా పోయేది ఆ నాలుగైదు వేలే.

తెనాలిలో ఉండే డెబ్బై ఏళ్ల తండ్రికి, సంక్రాంతికి వచ్చిన కూతురు నేర్పుతోందనుకుందాం. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ ఆయన ఫోన్‌లోనే ఉండాలి. యాప్ ఆ సిమ్ నుంచే ఒక మెసేజ్ పంపి ఖాతాను గుర్తిస్తుంది కాబట్టి, పాత సిమ్ అల్మరాలో పడి ఉంటే పని మొదలే కాదు. యాప్‌ను ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి. భాష తెలుగులోకి మార్చి, అక్షరాల సైజు పెంచితే సగం తడబాటు తగ్గుతుంది. తర్వాత డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టి పిన్ పెట్టుకోవాలి. ఆ పిన్‌ను ఆయనే ఎంచుకోవాలి, ఆయనే నొక్కాలి. పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు చివరి అంకెలు పనికిరావు. ఇక్కడే పిల్లలు తప్పు చేస్తారు. తొందరలో ఫోన్ లాక్కుని, “పిన్ చెప్పు నాన్నా, నేను కొడతా” అంటారు. అడిగితే పిన్ చెప్పొచ్చని పెద్దాయన మనసులో అప్పుడే పడిపోతుంది. రేపు బ్యాంకువాడినంటూ ఎవరో అడిగినా అంతే తేలిగ్గా చెప్పేస్తారు.

పాఠం ఒక్క రూపాయితో మొదలుపెట్టాలి. ముందు కూతురు తండ్రికి రూపాయి పంపుతుంది. ఆయన ఫోన్ బల్ల మీదే ఉంటుంది. ఆయన ఏదీ నొక్కలేదు, పిన్ కొట్టలేదు, అయినా రూపాయి వచ్చేసింది. ఇప్పుడు ఆయన తిరిగి రూపాయి పంపాలి. నంబరు ఎంచుకుని, తెర మీద కూతురి పేరు పైకి చదివి, 1 అని కొట్టి, పిన్ నొక్కితేనే వెళ్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, డబ్బు పోవడానికే పిన్ అన్న సంగతి ఎంత వివరించినా ఎక్కదు, ఈ రెండు రూపాయలతో ఎక్కేస్తుంది. బ్యాలెన్స్ చూడటానికి కూడా పిన్ అడుగుతుంది. అది యాప్‌లో తానుగా తెరిచి చూసుకునేటప్పుడేనని విడిగా చెప్పాలి. “రిఫండ్ వస్తుంది, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అనే మోసం ఈ ఒక్క తేడా తెలియనివాళ్ల మీదే నడుస్తుంది.

రెండో రోజు కిరాణా కొట్టులో నిజం బిల్లు కట్టించాలి. స్కాన్ చేయగానే వచ్చే పేరు కొట్టువాళ్లదేనా అని అడిగి తెలుసుకున్నాకే మొత్తం కొట్టాలి. నెట్‌వర్క్ సరిగా లేక ‘ప్రాసెసింగ్’ అని తిరుగుతూ ఉంటే, కంగారులో మళ్లీ కట్టేస్తారు. అలా రెండుసార్లు పోతుంది. కొంచెం ఆగి, యాప్‌లో లావాదేవీల జాబితా చూశాకే ఇంకోసారి ప్రయత్నించాలి.

“పొరపాటున మీకు పదివేలు వేశాను, తిరిగి పంపండి బాబాయ్ గారూ” అని ఫోన్ వస్తుంది. అంతకుముందే డబ్బు పడినట్టు మెసేజ్ కూడా వచ్చి ఉంటుంది. ఆ మెసేజ్ బ్యాంకు పంపింది కాకపోవచ్చు. చూడాల్సింది ఖాతా బ్యాలెన్స్. నిజంగానే పడినా తన చేత్తో తిరిగి పంపకుండా, బ్యాంకుకు చెప్పుకోమని ఫోన్ పెట్టేయాలి. పెన్షన్ ఆగిపోతుందనో, చలానా ఉందనో వాట్సాప్‌లో వచ్చే `.apk` ఫైలు తెరవకూడదు. అలాంటిది ఫోన్‌లో దిగితే ఓటీపీ మెసేజ్‌లు మోసగాడికి చేరిపోగలవు. బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతికినా నకిలీది తగలొచ్చు. కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్న నంబరే వాడాలి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. పిన్ తానే చెప్పేసినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2017లో ఆదేశాలిచ్చింది. అంతకుముందు పోయింది మాత్రం ఖాతాదారుదే. అయితే పెద్దవాళ్లు చాలామంది పిల్లలు కేకలేస్తారన్న భయంతో రెండ్రోజులు దాచిపెడతారు. ఆలోగా డబ్బు చేతులు మారి, ఆపడానికి ఏమీ మిగలదు. అందుకే పాఠం మొదలుపెట్టిన రోజే, “తప్పు జరిగితే ముందు నాకే చెప్పు నాన్నా, ఏమీ అనను” అని మాట ఇచ్చి, 1930ని, బ్యాంకు నంబరును ఫోన్ కవర్ వెనక పెద్ద అంకెలతో రాసి అతికించాలి. అక్కడ పిన్ మాత్రం రాయకూడదు.