బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక చీరల దుకాణం

1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి అర్పానెట్‌లోని దాదాపు నాలుగు వందల మందికి ఒకే ప్రకటన పంపాడు. చాలామంది విసుక్కున్నారు. అడ్రసు తెలిస్తే చాలు, ఎవరికైనా పంపేయొచ్చన్నదే ఈమెయిల్‌కు పట్టిన చీడ.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఆ తలుపుకు గడియ పెట్టింది. ఒక్కో లిస్టులో 256 మందికి మించి పట్టరు. అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అది వాళ్లకు విడి చాట్‌లాగే కనిపిస్తుంది, ఇంకెవరికి వెళ్లిందో తెలియదు. కాబట్టి సగం పని కౌంటరు దగ్గరే ఉంది: బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించుకోవాలి.

మంగళగిరిలో ఒక చిన్న చీరల దుకాణం ఉందనుకుందాం. శ్రావణమాసం సందేశం ఇదీ:

"🌺🙏శుభోదయం🙏🌺 మా కస్టమర్లందరికీ శ్రావణమాస శుభాకాంక్షలు. బంపర్ ఆఫర్!!! అన్ని రకాల చీరలు అతి తక్కువ ధరలకే. త్వరపడండి! బంధుమిత్రులకు ఫార్వర్డ్ చేయండి."

ఫోన్ తెరవకముందు కనిపించే మొదటి ముక్క పూలకే సరిపోయింది. "అందరికీ" అనగానే ఇది నాకు కాదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. పాత పోస్టరునే ఫార్వర్డ్ చేస్తే పైన "ఫార్వర్డెడ్" అనే ముద్ర కూడా పడుతుంది. వదంతులు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపిన 2018లో వచ్చిన ముద్ర అది. పాపం, చీరల మీదా పడుతోంది!

దాన్ని ఇలా మార్చొచ్చు:

"నమస్కారమండీ, మంగళగిరి చీరల షాపు నుంచి. మీరు ఇదివరకు తీసుకున్న నిజాం బోర్డర్ కాటన్‌లో కొత్త రంగులు వచ్చాయి. ఫొటోలు పంపమంటారా? ఇలాంటివి వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి, తీసేస్తాను."

బ్రాడ్‌కాస్ట్ ఎవరి పేరూ తనంతట చేర్చదు, అందరికీ అదే వాక్యం వెళ్తుంది. "మీరు తీసుకున్న" అన్నది నిజం కావాలంటే లిస్టే చిన్నది కావాలి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కస్టమర్లకు లేబుళ్లు పెట్టుకోవచ్చు. కాటన్ కొన్నవాళ్లు ఒక లిస్టు, పట్టు కొన్నవాళ్లు మరొకటి. రెండు వందల మందికి అరిచేకన్నా నలభై మందికి చెప్పడం మేలు. ఫొటోలు అడిగినవాళ్లకే పంపితే అక్కణ్నుంచి బేరం మామూలు మాటల్లోనే నడుస్తుంది.

మర్నాడు సందేశాన్ని నొక్కి పట్టుకుని వివరాలు చూస్తే ఎవరికి చేరిందో, ఎవరు చదివారో కనిపిస్తుంది. చేరనివాళ్లు నంబరు సేవ్ చేసుకోలేదో, బ్లాక్ చేశారో, ఫోనే కట్టేసి ఉందో ఒక్కసారికి తేలదు. రెండు మూడు సందేశాలకూ అదే పేరు చేరకపోతే తీసేయొచ్చు. చదివినట్టు చూపే నీలి టిక్కులను కొందరు ఆపేసుకుంటారు గనక ఆ లెక్కను పూర్తిగా నమ్మకూడదు.

"వద్దు" అనే వీలు మర్యాద కోసమే కాదు. సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి కనుక, స్పామ్ పంపేవాళ్లను పట్టడానికి వాట్సాప్ చూసేవాటిలో జనం చేసే రిపోర్టులూ బ్లాకులూ ముఖ్యం. అవి పెరిగితే దుకాణం నంబరే మూతపడొచ్చు. అందుకే "వద్దు" అన్నవాళ్ల పేరు ఆ పూటే తీసేయాలి.