ఒకసారి ఖాయమైన దూరం మళ్లీ తగ్గకూడదు

1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రం అర్మాక్ అనే కొత్త కంప్యూటర్‌ను జనానికి చూపించాలనుకుంది. కంప్యూటర్ అంటే తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యే ప్రశ్న ఒకటి కావాలి. అక్కడ పనిచేస్తున్న యువ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఎంచుకున్న ప్రశ్న ఇది: నెదర్లాండ్స్‌లో ఒక ఊరి నుంచి మరో ఊరికి అన్నిటికన్నా దగ్గర దారి ఏది? కాబోయే భార్యతో బజారుకు వెళ్లి, అలసిపోయి ఒక కాఫీ హోటల్లో కూర్చున్నప్పుడు, కాగితం కలం లేకుండా 20 నిమిషాల్లో ఆ పద్ధతి తట్టిందని ఆయనే తర్వాత చెప్పాడు. ప్రదర్శన కోసం 64 ఊళ్లున్న చిన్న పటాన్ని తీసుకున్నారు. 1959లో ఆ పద్ధతి మూడు పేజీల వ్యాసంగా అచ్చయింది. కంప్యూటర్ సైన్సు చదివే ప్రతి విద్యార్థీ నేటికీ దాన్ని నేర్చుకుంటున్నాడు.

ఆ పద్ధతి చాలా వేగంగా పనిచేస్తుంది. ఆ వేగమంతా ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం ఏమిటో, అది ఎక్కడ కూలుతుందో ఒక చిన్న పటం మీద చూద్దాం.

పటంలో నాలుగు చోట్లు: క, చ, ట, త. మనం క దగ్గర ఉన్నాం, త చేరాలి. క నుంచి చకు కొండను చుట్టి వెళ్లే దారి 9 కిలోమీటర్లు. ట అనేది కొండ మీది ఊరు. క నుంచి టకు 3 కిలోమీటర్లు, అక్కడి నుంచి అవతల దిగితే చకు 4 కిలోమీటర్లు. చ నుంచి తకు 3 కిలోమీటర్లు. దారులన్నీ ఒకవైపే వెళ్తాయనుకుందాం.

కంప్యూటర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఏ ఊరికి ఇప్పటిదాకా తెలిసినంతలో ఎంత దూరమో అందులో రాసి ఉంటుంది. దీన్ని ప్రయారిటీ క్యూ అంటారు. ఆస్పత్రి క్యాజువాలిటీలో ముందు వచ్చినవాళ్లను కాక, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ముందు లోపలికి తీసుకుంటారు కదా, ఇదీ అంతే. ఏ ఊరు ముందు జాబితాలో చేరిందన్నది లెక్కలోకి రాదు. అన్నిటికన్నా తక్కువ దూరం ఉన్న ఊరే ముందు బయటికి వస్తుంది.

మొదట జాబితాలో ఉన్నది క ఒక్కటే, దూరం 0. దాన్ని బయటికి తీసి, దాని నుంచి వెళ్లే దారులు చూస్తాం. చకు 9, టకు 3 అని జాబితాలో చేరతాయి. ఇప్పుడు తక్కువ ఉన్నది ట, కాబట్టి దాన్ని తీస్తాం. ట మీదుగా చకు వెళ్తే 3, 4 కలిపి 7. ఇది పాత 9 కన్నా తక్కువ. అందుకని చ 7 అని కొత్తగా రాస్తాం. తర్వాత బయటికి వచ్చేది 7 ఉన్న చ. దాని నుంచి తకు 7, 3 కలిపి 10. పాత చ 9 ఇంకా జాబితాలోనే ఉంది. అది బయటికి వచ్చినప్పుడు, చకు అంతకన్నా మంచి లెక్క ఇదివరకే దొరికింది కనుక వదిలేస్తాం. చివరికి త 10తో బయటికి వస్తుంది. అదే జవాబు.

నిజానికి 1959 నాటి వ్యాసంలో ఇలాంటి క్యూ లేదు. 1964లో జె.డబ్ల్యు.జె. విలియమ్స్ హీప్ అనే అమరికను ప్రకటించాడు. జాబితాలో పది లక్షల పేర్లున్నా, హీప్‌లో పెడితే తక్కువ ఉన్నదాన్ని తీసి మిగతావాటిని సర్దడానికి ఇరవై మెట్లు దిగితే సరిపోతుంది. హీప్ తోడయ్యాకే డైక్‌స్ట్రా పద్ధతి పెద్ద పెద్ద పటాల మీద నడిచేంత చురుకైంది.

ఇక ఆ నమ్మకం సంగతి. చ 7తో బయటికి వచ్చిన క్షణాన మనం ఆ దూరాన్ని ఖాయం చేసేస్తాం. అంతకన్నా దగ్గర దారి మరొకటి లేదని ధైర్యం ఏమిటి? అలాంటి దారి ఉంటే, అది ఇంకా జాబితాలోనే ఉన్న ఏదో ఒక ఊరి మీదుగా రావాలి. ఆ ఊరి దూరం ఇప్పటికే 7 లేదా అంతకన్నా ఎక్కువ, లేకపోతే అదే ముందు బయటికి వచ్చేది. అక్కడి నుంచి ఎన్ని రోడ్లు కలిపినా లెక్క పెరుగుతుంది, లేదంటే అలాగే ఉంటుంది. తగ్గదు. కాబట్టి 7 కన్నా తక్కువ కావడం అసాధ్యం. రుజువు ఇంతే. అందులో కీలకమైన మాట ‘తగ్గదు’ అన్నదే. రోడ్డు పొడవు సున్నా కన్నా తక్కువ ఉండదు కాబట్టే ఆ మాట అనగలిగాం.

కిలోమీటర్లు లెక్కపెట్టినంత కాలం బెంగ లేదు. కానీ ఎలక్ట్రిక్ వాహనానికి కావలసింది దగ్గర దారి కాదు, బ్యాటరీ తక్కువ ఖర్చయ్యే దారి. తిరుపతి, తిరుమల మధ్య ఇప్పుడు తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల్లాంటివి కొండెక్కేటప్పుడు కరెంటును గుంజుకుంటాయి. దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. ఒక టన్ను బరువును 100 మీటర్లు పైకి లేపడానికి సుమారు 0.27 యూనిట్ల కరెంటు కావాలి. దిగేటప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది. అంటే దిగుడు రోడ్డుకు ఖర్చు మైనస్‌లో ఉండవచ్చు.

మన పటాన్నే యూనిట్లలో రాద్దాం. అంకెలు ఊహించుకున్నవే. చుట్టుదారి పాడైపోయి ఉంది, క నుంచి చకు 4 యూనిట్లు. క నుంచి కొండ మీది టకు 6. ట నుంచి చకు దిగుతుంటే 4 యూనిట్లు తిరిగి వస్తాయి, అంటే ఖర్చు −4. చ నుంచి తకు 1. కొండ మీదుగా వెళ్తే చకు మొత్తం ఖర్చు 2, తకు 3. చుట్టుదారిలో చకు 4, తకు 5. కొండ దారే మేలని మనకు కనిపిస్తూనే ఉంది.

డైక్‌స్ట్రా పద్ధతికి కనిపించదు. కను తీయగానే చ 4, ట 6 జాబితాలో చేరతాయి. తక్కువ ఉన్న చ ముందు బయటికి వచ్చి 4 దగ్గర ఖాయమవుతుంది. దాని నుంచి త 5 చేరి, 6 ఉన్న ట కన్నా ముందే బయటికి వస్తుంది. గమ్యం దొరికిందని కంప్యూటర్ 5 అని జవాబిచ్చి ఆగిపోతుంది. అసలు జవాబు 3. ట వంతు రానే లేదు. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోలేదు, ఎర్రర్ చూపలేదు. తప్పు జవాబును ఒప్పు జవాబులాగే చెప్పింది. ఈ లోపంలో ప్రమాదమంతా అక్కడే ఉంది.

దీనికి చాలామందికి వెంటనే తోచే మందు ఒకటుంది: ప్రతి రోడ్డుకూ 4 కలిపేస్తే మైనస్‌లన్నీ పోతాయి కదా? చేసి చూద్దాం. చుట్టుదారిలో తకు రెండు రోడ్లు, కాబట్టి 5కు 8 కలిసి 13. కొండ దారిలో మూడు రోడ్లు, 3కు 12 కలిసి 15. ఇప్పుడు చుట్టుదారే చవకగా కనిపిస్తోంది. ఎక్కువ రోడ్లున్న దారికి ఎక్కువ జరిమానా పడింది. మందు వల్ల ప్రశ్నే మారిపోయింది.

రెండో మందు, గమ్యం దగ్గర ఆగకుండా, ఖాయమైన ఊరికి కూడా తక్కువ లెక్క దొరికితే దాన్ని మళ్లీ జాబితాలో వేయడం. మన పటంలో ఇది పనిచేస్తుంది. ట బయటికి వచ్చాక చ 2గా, త 3గా దిద్దుకుంటాయి. కానీ ఇలా దిద్దుకోవడం ఎంత దూరం పోతుందో 1973లో డొనాల్డ్ జాన్సన్ చూపించాడు. కొన్ని పటాల్లో ఒక్కో ఊరు పెరిగేకొద్దీ పని రెట్టింపవుతూ పోగలదు. ఇక ఒక చుట్టు తిరిగి వస్తే మొత్తం ఖర్చు మైనస్ అయ్యే వలయం ఉంటే ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు. తిరిగిన ప్రతిసారీ లెక్క ఇంకా తగ్గుతూనే ఉంటుంది.

మైనస్‌లు ఉన్నప్పుడు నమ్మదగిన పద్ధతి బెల్‌మన్-ఫోర్డ్‌ది. అది ఏ ఊరినీ తొందరపడి ఖాయం చేయదు. అన్ని రోడ్లనూ వరసగా చూస్తూ, తక్కువ లెక్క దొరికినచోట దిద్దుతుంది. ఊళ్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువసార్లు ఇలా చేస్తే చాలు. మన నాలుగు ఊళ్లకు మూడుసార్లు. ఆ తర్వాత ఇంకోసారి చూసినా లెక్క తగ్గుతోందంటే మైనస్ వలయం ఉన్నట్టే. బ్యాటరీ లెక్కలో అలా వస్తే అంకెలు తప్పని అర్థం, ఎందుకంటే బయలుదేరిన చోటికే వచ్చిన బస్సులో ముందుకన్నా ఎక్కువ ఛార్జి ఉండటం ప్రకృతిలో జరగని పని. ఈ భద్రతకు వెల ఉంది. 10,000 ఊళ్లు, 30,000 రోడ్లున్న పటంలో దాదాపు 30 కోట్ల సార్లు రోడ్లను చూడాల్సి రావచ్చు. హీప్‌తో నడిచే డైక్‌స్ట్రా పద్ధతికి కొన్ని లక్షల అడుగులు సరిపోతాయి.

ఆ వేగాన్ని వదులుకోకుండా ఉండే ఉపాయమూ ఉంది. జాన్సనే 1977లో దాన్ని సాధారణ పద్ధతిగా మలిచాడు. మన కొండకు అది చక్కగా అతుకుతుంది. ప్రతి ఊరికీ ఎత్తు లెక్క ఒకటి వేద్దాం: అంత ఎత్తుకు బస్సును లేపడానికి పట్టే యూనిట్లు. టకు 5, మిగతా మూడింటికీ 0. ఇప్పుడు ప్రతి రోడ్డు ఖర్చునూ ఇలా మారుద్దాం:

కొత్త ఖర్చు = పాత ఖర్చు + బయలుదేరే చోటి ఎత్తు − చేరే చోటి ఎత్తు

క నుంచి టకు 6 + 0 − 5, అంటే 1. ట నుంచి చకు −4 + 5 − 0, అదీ 1. మిగతా రెండు రోడ్లకూ ఎత్తు తేడా లేదు కనుక 4, 1 అలాగే ఉంటాయి. మైనస్ మాయమైంది. మిగిలినవి రాపిడి, గాలి, మోటారు వేడి తినేసిన యూనిట్లే. దిగేటప్పుడు తిరిగి రాని కరెంటు కూడా ఇందులోనే ఉంటుంది. నష్టం ఎప్పుడూ సున్నా కన్నా తక్కువ కాదు. ఇప్పుడు డైక్‌స్ట్రా పద్ధతిని నడిపితే ట 1, చ 2, త 3 అని సరైన వరసలో బయటికి వస్తాయి.

ఇందులో దారులకు అన్యాయం జరగకపోవడానికి కారణముంది. మధ్యలో తగిలే ప్రతి ఊరి ఎత్తూ ఒకసారి తీసివేతలో, ఒకసారి కూడికలో వచ్చి రద్దవుతుంది. మిగిలేది మొదటి, చివరి చోట్ల ఎత్తుల తేడా మాత్రమే. అది ఏ దారికైనా ఒకటే. అందుకే ఏ దారి చవకో ఆ దారే చవకగా ఉంటుంది. రోడ్డుకు 4 చొప్పున కలిపినప్పుడు లేనిదీ, ఇక్కడ ఉన్నదీ ఈ సమానత్వమే. ఎత్తుల్లాంటివి ముందే తెలియని పటాల్లో బెల్‌మన్-ఫోర్డ్‌ను ఒక్కసారి నడిపి వాటిని తయారుచేసుకుంటారు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ల నుంచి దారి వెతకాలన్నా వేగమైన పద్ధతే సరిపోతుంది.

కాబట్టి దారి వెతికే ప్రోగ్రాం రాసేవాళ్లు ముందు చూడాల్సింది పటం పెద్దదా చిన్నదా అని కాదు, రోడ్ల మీద రాసిన అంకెల్లో మైనస్ ఉందా అని. లేకపోతే ప్రయారిటీ క్యూను నిశ్చింతగా వాడండి. ఒక్కటి ఉన్నా ఆ అంకెలను ఎత్తులతో సరిచేయండి, లేదా బెల్‌మన్-ఫోర్డ్‌కు అప్పగించండి. ఆ తనిఖీకి ప్రోగ్రాంలో ఒక్క వరస చాలు. అది లేకపోతే తప్పు జరిగిందని చెప్పేవాళ్లెవరూ ఉండరు.